మా బాబు క్లాస్ టీచరుకు రాసిన ఉత్తరం: హిమోఫీలియాతో బడికెళ్లే పిల్లాడి గురించి నా అనుభవం

మా వాడికి ఎనిమిదేళ్లు. హన్మకొండలో మూడో తరగతి చదువుతున్నాడు. వాడికి హిమోఫీలియా-ఎ ఉంది, అంటే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు, అందులోనూ తీవ్రమైన రకం. బడిలో చేర్చినప్పుడు ఆఫీసులో డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే దరఖాస్తుకు పిన్ను కొట్టి ఫైల్లో పెట్టుకుంటారు. అందులో జబ్బు పేరు, కింద "దెబ్బలు తగలకుండా చూసుకోవాలి" అనే ఒక్క వాక్యం ఉంటుంది. అది చదివిన టీచరు ఏం చేయాలో మీరే చెప్పండి. భయపడి పిల్లాణ్ని గోడ పక్కన కూర్చోబెట్టాలి, లేదంటే ఆ సంగతే మర్చిపోవాలి.

పాత బడిలో ఈ రెండూ జరిగాయి. ఆటల పీరియడ్ వస్తే వీణ్ని క్లాసులోనే ఉంచి తలుపు దగ్గరికేసేవాళ్లు. ఒకరోజు మాత్రం మోకాలు ఎట్లనో ఉందని పొద్దున్నే చెబితే, "వాపే లేదు కదరా, నాటకాలా?" అని సాయంత్రం బస్సు దాకా కూర్చోబెట్టారు. దిగేసరికి ఆ మోకాలు మడత పడటం లేదు. మోకాటి చిప్ప ఎక్కడుందో కనపడనంత ఉబ్బింది. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు వరుసగా కొన్ని రోజులు ఇప్పించాం. ఆ తర్వాత కూడా చాలాకాలం కుంటుతూనే తిరిగాడు. అందుకే బడి మార్చాక సర్టిఫికెట్ మీద ఆశ వదులుకున్నాను. క్లాస్ టీచరు చేతికే నేరుగా ఇచ్చేలా ఒక ఉత్తరం రాశాను. ఒక్క కాగితం, రెండు వైపులా. అంతకు మించితే ఎవరూ చదవరని నా నమ్మకం. ఇలాంటి ఉత్తరం ఎలా రాయాలని అడిగిన తల్లులు ఉన్నారు కాబట్టి ఏం రాశానో, ఎందుకు రాశానో చెబుతున్నాను.

మొదలు ఇలా పెట్టాను.

"మేడం గారికి నమస్కారం. మా బాబు మీ క్లాసులో ఉన్నాడు. వాడికి పుట్టుకతోనే హిమోఫీలియా-ఎ ఉంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో కొన్ని ప్రోటీన్లు వరుసగా పనిచేయాలి. బిల్డింగు పని దగ్గర కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందించుకుంటారు చూడండి, ఆ వరుసలో ఎనిమిదో మనిషి లేకపోతే తట్ట అక్కడే ఆగిపోతుంది. మా వాడికి లేనిది ఆ ఎనిమిదోది, ఫ్యాక్టర్ 8. మామూలు మనిషిలో ఉండేదాంట్లో వాడికి ఒక శాతం కూడా లేదు. అందువల్ల రక్తం అందరికంటే జోరుగా ఏమీ కారదు. ఆగడానికి మాత్రం చాలా ఎక్కువ సేపు పడుతుంది."

"జోరుగా కారదు" అన్న మాట కావాలనే రాశాను. హిమోఫీలియా అనగానే గుండుసూది గుచ్చుకుంటే ప్రాణం పోతుందేమో అనుకుంటారు. పెన్సిల్ చెక్కుతుంటే వేలు కోసుకోవడం మాకు పెద్ద విషయం కాదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే ఆగుతుంది. మమ్మల్ని భయపెట్టేది కంటికి కనిపించని రక్తం. మోకాలు, చీలమండ, మోచేయి లాంటి కీళ్ల లోపల, కండరాల్లో, అన్నిటికంటే ముఖ్యంగా తలలో కారేది. టీచరు కళ్లు దేనికోసం చూడాలో ఈ తేడా తెలిస్తేనే అర్థమవుతుంది.

తల్లి వైపు నుంచి వస్తుందని ఉత్తరంలో రాయలేదు. టీచరుకు దాంతో పని లేదు. మా ఇంట్లో మాత్రం దాని మీద చాలా మాటలయ్యాయి. మా అమ్మ వాళ్ల అన్నయ్య చిన్నప్పుడు పన్ను పీకితే రక్తం ఆగక చనిపోయాడట. ఆ రోజుల్లో ఊళ్లో దాన్ని ఏదో గాలి సోకడం కింద జమకట్టారు. ఆ లోపం ఉన్న ఎక్స్ క్రోమోజోము అమ్మ నుంచి నాకు, నా నుంచి వీడికి వచ్చింది. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చే పిల్లలు కూడా ఉంటారు, సుమారు మూడో వంతు అలాంటివాళ్లే. మా అత్తమ్మకు ఇది డాక్టరమ్మ చెబితే తప్ప చెవికెక్కలేదు.

ఉత్తరంలో ఎక్కువ చోటు నేను కీళ్లకే ఇచ్చాను.

"మేడం, వాడు వచ్చి 'మోకాల్ల బుడబుడ అంటుంది' అనో 'కాలు బిగుసుకుంది' అనో అంటే దయచేసి అప్పటికప్పుడే నమ్మండి. ఆ సమయానికి వాపు ఉండదు. ఎర్రగా కమిలి ఉండదు. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు. లోపల రక్తం కారడం అప్పుడే మొదలవుతుంది, అది ముందు వాడికే తెలుస్తుంది. మీ అరచేతి వెనక భాగాన్ని రెండు మోకాళ్ల మీదా పెట్టి చూడండి. ఒకటి కొంచెం వెచ్చగా ఉండొచ్చు. రెండు కాళ్లూ మడవమంటే ఒకటి పూర్తిగా మడవకపోవచ్చు. ఈ రెండూ లేకపోయినా వాడి మాటే చాలు. నాకు ఫోన్ చేయండి. నేను వచ్చేలోగా వాణ్ని నడిపించకుండా బెంచీ మీద కాలు చాపి కూర్చోబెట్టండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు. మాలిష్ చేయొద్దు, బామ్ రాయొద్దు, కాలు గుంజి సరిచేయాలని చూడొద్దు."

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కీలు లోపల ఒక పల్చని పొర ఉంటుంది. అక్కడ చేరిన రక్తం ఆ పొరను చికాకు పెట్టి మందంగా చేస్తుంది. మందమైన పొరలో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, అవి ఇంకా సులువుగా తెగుతాయి. అలా ఒకసారి కారిన కీలు మళ్లీ మళ్లీ కారుతుంది. ఆరు నెలల్లో ఒకే కీలులో దానంతటదే మూడుసార్లు రక్తం కారితే డాక్టర్లు దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. ఇది ముదిరితే లోపలి మృదులాస్థి అరిగి పిల్లాడు ముసలివాడిలా నడుస్తాడు. మొదటి గంట రెండు గంటల్లో ఫ్యాక్టర్ పడితే కారిన రక్తం కొద్దిగానే ఉంటుంది, త్వరగా ఇంకిపోతుంది. సాయంత్రం బస్సు దాకా ఆగితే ఏమవుతుందో మేం చూశాం.

తల గురించి రాసిన పేరా మాత్రం పొట్టిగా, ముదురు అక్షరాలతో రాశాను.

"తలకు, మెడకు, కడుపుకు గట్టి దెబ్బ తగిలితే వాడు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే వెంటనే ఫోన్ చేయండి. నేను ఎత్తకపోతే ఆగకుండా ఆటోలో దవాఖానకు తీసుకెళ్లండి, ఈ కాగితం పట్టుకెళ్లండి. అక్కడి డాక్టరుకు 'ముందు ఫ్యాక్టర్, తర్వాత స్కాన్' అని ఉన్న ఈ లైను చూపించండి. దెబ్బ తగిలినట్టు ఎవరూ చూడకపోయినా తలనొప్పి, వాంతులు, అకారణంగా మగత, మాట తేడా ఉంటే అంతే చేయండి."

తల లోపలి రక్తస్రావం లక్షణాలు బయటపడటానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆగకూడదు. స్కాను లైనులో నిలబడి ఆ తర్వాత ఇంజెక్షన్ అనుకోవడమూ కూడదు. ఈ లెక్క తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. కిలో బరువుకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ సుమారు రెండు శాతం పెరుగుతుంది. మా వాడు 24 కిలోలు. కీలు కోసం 40 శాతం కావాలంటే 480 యూనిట్లు, అంటే 500 యూనిట్ల సీసా ఒకటి సరిపోతుంది. తలకు దెబ్బంటే దాదాపు నూరు శాతానికి తేవాలి, 1200 యూనిట్లు. అందుకని మా ఫ్రిజ్‌లో మూడు సీసాలకు తక్కువ ఎప్పుడూ ఉండనివ్వను. తలుపు అరలో పెట్టను, అక్కడ చల్లదనం నిలవదు. పైన ఫ్రీజర్‌లో అసలే పెట్టకూడదు.

చేయకూడని వాటిలో బడికి సంబంధించినవే రాశాను. ఇంజెక్షన్ ఏదైనా కండరంలోకి వేయించకూడదు. బడిలో టీకాల రోజు పెడతారు కదా, ఆ రోజు వీణ్ని లైనులో నిలబెట్టొద్దని, ఆ టీకా మేం ఫ్యాక్టర్ ఇచ్చాక మా డాక్టరు దగ్గర సన్నటి సూదితో వేయించుకుంటామని రాశాను. నులిపురుగుల గోలీ నిరభ్యంతరంగా వేయొచ్చు. జ్వరం, తలనొప్పి అంటే స్టాఫ్ రూంలో ఉన్న గోలీ ఏదో ఒకటి ఇవ్వడం మన బడుల్లో అలవాటు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఉన్నవేవీ ఇవ్వొద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి. ఇస్తే గిస్తే పారాసిటమాల్, అదీ నన్నడిగి. ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చొద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు మధ్యలో వదలకుండా పట్టుకోవాలి. మధ్య మధ్యలో వదిలి ఆగిందా అని చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో వాక్యం రాయడానికి కొంచెం సంకోచించాను, అయినా రాశాను. "వాడు అల్లరి చేస్తే తిట్టండి, హోంవర్కు ఎక్కువ ఇవ్వండి. కొట్టడం, చెవి మెలిపెట్టడం, గుంజీలు తీయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం మాత్రం వద్దు." మేడం ఇది చదివి నవ్వారు. "మా బడిలో ఎవరినీ కొట్టమమ్మా" అన్నారు. మోకాళ్ల మీద నిలబెట్టడాన్ని కొట్టడం కింద లెక్కేయని సార్లు ఉంటారని ఆమెకూ తెలుసు, ఆ కాగితం నకలు పీఈటీ సారుకు ఆమే తీసుకెళ్లి ఇచ్చారు.

ఆటల దగ్గరే మా మధ్య ఎక్కువ చర్చ జరిగింది. "రిస్కెందుకమ్మా, లైబ్రరీలో కూర్చోబెడతాను" అన్నారు మేడం. నేను వద్దన్నాను. కండరాలు గట్టిగా ఉంటేనే కీలు మీద భారం తగ్గుతుంది. కదలకుండా పెరిగిన పిల్లాడి మోకాళ్లు ఇంకా త్వరగా కారతాయి. కబడ్డీ, ఖోఖో, క్రికెట్‌లో గట్టి బంతి వద్దు. పరుగు, షటిల్, ప్లాస్టిక్ బంతితో ఆట, డ్రిల్లు సరే. ఈత అన్నిటికంటే మంచిది, కానీ అది బడిలో లేదు.

అప్పుడు మేడం ఒక ప్రశ్న అడిగారు. "ఇంజెక్షన్ ఇచ్చిన రోజు వేరు, ఇవ్వని రోజు వేరా?" చాలామంది చదువుకున్నవాళ్లు కూడా అడగని ప్రశ్న ఇది. వేరే. మా వాడికి వారానికి రెండుసార్లు ముందు జాగ్రత్తగా ఫ్యాక్టర్ ఇస్తాం, సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. మా కాలనీలో ఉండే నర్సు అక్క పొద్దున్నే వచ్చి నరానికి ఎక్కిస్తుంది. అప్పట్లో సోమవారం, గురువారం. ఒక సీసా ఎక్కగానే 40 శాతం దాకా లేస్తుంది. కానీ పిల్లల్లో ఫ్యాక్టర్ 8 సగానికి పడిపోవడానికి పది పన్నెండు గంటలే పడుతుంది. పన్నెండు గంటల లెక్కన వేసుకున్నా రాత్రికి 20, మర్నాడు పొద్దున 10, బుధవారం పొద్దుటికి రెండు మూడు శాతం. గురువారం పొద్దున సూది పడేముందు ఒక శాతం కింద.

మేడం టైంటేబుల్ తీశారు. వాళ్ల క్లాసుకు ఆటల పీరియడ్లు బుధవారం, శనివారం. అంటే వారంలో ఎక్కువ గంతులేసే రెండు రోజులూ వాడి ఒంట్లో ఫ్యాక్టర్ అడుగంటిన రోజులే. టైంటేబుల్ మార్చడం ఆమె చేతిలో లేదు. సూది రోజులు మార్చడం మా చేతిలో ఉంది. డాక్టరును అడిగితే, రెండు డోసుల మధ్య నాలుగు రోజులకు మించకుండా చూసుకొమ్మని చెప్పి బుధవారం, శనివారానికి మార్చుకోనిచ్చారు. ఇప్పుడు పొద్దున ఏడు గంటలకు ఫ్యాక్టర్ ఎక్కించుకుని, చేతికి ప్లాస్టర్‌తోనే బడికెళ్లి ఆడుకుంటాడు. ఇచ్చే మందు అంతే, ఒక్క యూనిట్ ఎక్కువ లేదు. శనివారం నుంచి బుధవారం దాకా ఎడం ఎక్కువ కాబట్టి మంగళవారం మాత్రం వాడు మెట్లు దూకకుండా చూడమని ఉత్తరంలో ఒక లైను చేర్చాను.

ఈ కాగితం పనికొచ్చిన రోజు కూడా ఒక మంగళవారమే. భోజనం బెల్లుకు ముందు మేడం ఫోన్ చేశారు. గొంతులో కంగారు లేదు. "బాబు కుడి మోకాల్ల బుడబుడ అంటున్నాడు. దెబ్బేం తగల్లేదు. వాపు లేదు. చెయ్యి పెట్టి చూసిన, కుడిది కొంచెం వెచ్చగుంది. వాణ్ని నడవనియ్యలేదు, ఆయమ్మ ఎత్తుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఐసు కోసం ఎదురుగున్న సోడా దుకాణానికి పంపిన" అన్నారు. నేను వెళ్లేసరికి వాడు కాలు చాపుకుని, ఆయమ్మ పాత చున్నీలో కట్టిన ఐసు మోకాటి మీద పెట్టుకుని, పక్కనున్న పిల్లాడితో కార్డులాట ఆడుతున్నాడు. పాత బడిలో కారిన మోకాలు అదే.

ఇంటికి రాగానే సీసా ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టాను. నీళ్లు కలిపాక ఊపలేదు, ఊపితే నురగొస్తుంది. మెల్లగా తిప్పితే పొడి కరిగింది. నర్సు అక్క వచ్చి నిదానంగా ఎక్కించింది. ఫోన్ వచ్చిన గంటన్నరలోపే మందు పడింది. సాయంత్రానికి టేపుతో కొలిస్తే ఎడమదాని కంటే కుడి మోకాలు అర సెంటీమీటరు మాత్రమే లావు. మర్నాడు ఎలాగూ బుధవారం డోసు ఉంది, అదే రెండో డోసుగా పడింది. ఆటలు మాన్పించి ఇంట్లో ఉంచాను. అదే వారంలో బడికెళ్లాడు, ఆటలకు మాత్రం ఫిజియోథెరపిస్టు తొడ కండరం చూసి సరేనన్నాకే పంపాను. ఈసారి కుంటలేదు. కీలు నిజంగా సర్దుకుందో లేదో నేను ఇలా చూస్తాను. గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి రెండు కాళ్లూ చాపమంటాను. మోకాటి వెనక నేల పూర్తిగా తగలాలి. సందు ఉంటే లోపల ఇంకా ఏదో ఉన్నట్టు, ఆటలకు పంపను.

అన్నీ ఇంత సాఫీగా జరగవు. ఒకసారి తొడ మొదట్లో, గజ్జల దగ్గర నొప్పి అని వంగి నడిచాడు. మేడం కీలు కాదు కదా అని కడుపునొప్పిగా అనుకున్నారు. అది నడుము నుంచి తొడలోకి దిగే పెద్ద కండరంలో రక్తస్రావం. చూడ్డానికి అపెండిక్స్ నొప్పిలాగే ఉంటుంది, పెద్ద డాక్టర్లే పొరబడతారు. దవాఖానలో చేర్చి, రోజూ ఫ్యాక్టర్ ఇప్పించాల్సి వచ్చింది. ఉత్తరంలో ఆ సంగతి లేదు మరి, ఆమెకెలా తెలుస్తుంది? ఇప్పుడు "కాలు చాపలేక వంగి నడిస్తే అది కూడా తలదెబ్బంత అర్జెంటే" అన్న వాక్యం ఉంది.

ప్రతి జూన్‌లో ఈ ఉత్తరం మళ్లీ రాస్తాను. పాతదాని నకలు ఇవ్వను, ఎందుకంటే బరువు మారుతుంది, దాంతో డోసు మారుతుంది. టైంటేబుల్ మారితే సూది రోజులు మారతాయి. ఆ ఏడాది ఏ కీలు బలహీనంగా ఉందో మారుతుంది. ఈ ఏడు పాలపళ్లు ఊగుతున్నాయి, పన్ను ఊడితే గుడ్డ మడత పెట్టి కొరికి పట్టుకోమనాలని, ఆగాగి రక్తం వస్తుంటే ట్రానెక్సామిక్ యాసిడ్ గోలీ ఇవ్వడానికి నేను వస్తానని కొత్తగా రాశాను. హిమోఫీలియా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి ఆ సర్టిఫికెట్ నకలు కూడా జతచేస్తున్నాను. కుడి మోచేయి కారిన వారంలో పరీక్ష వస్తే రాసే మనిషిని అడగడానికి అది కావాలి.

ఫోన్ నంబర్ల దగ్గర మార్పు చెప్పింది మేడం. నాది, మా ఆయనది రాసి ఉంటే, "ఇద్దరూ కాజీపేట అవతల ఉద్యోగాల్లో ఉంటే మీ నంబర్లతో నాకేం లాభం? నడిచి వచ్చేంత దూరంలో ఉన్న మనిషి నంబరు ఇవ్వండి" అన్నారు. ఇప్పుడు మొదటి నంబరు నర్సు అక్కది.